నలుసుకు కట్టిన జోల

అద్దాల పెట్టెలో పడుకున్న మా అన్నయ్య కూతురు నా అరచేతికన్నా కాస్త పెద్దగా ఉండేది. ఏడో నెలలోనే పుట్టేసింది. ముక్కుకు సన్నటి గొట్టం, పాదానికి ఎర్రగా వెలిగే తీగ, తల మీద టీకప్పుకు సరిపోయేంత ఊలు టోపీ. అన్నయ్య మొదటిసారి చూసి, "ఇంత నలుసుకు ఇన్ని వైర్లా? మా షాపులో మోటారుకు కూడా ఇన్ని ఉండవు" అన్నాడు. అన్నయ్యది మోటారు సైకిళ్ళు బాగుచేసే పని. ఆ రోజునుంచి దాని పేరు నలుసు అయిపోయింది.

వదిన మాత్రం ఏ పేరూ పెట్టలేదు. దాని గురించి మాట్లాడాల్సి వస్తే "అది" అనేది. "అది పాలు తాగిందా?" అని నన్నడిగేది, పెట్టె పక్కనే కూర్చుని.

ఆ వార్డులోకి తల్లినీ, తోడుగా ఇంకొక ఆడమనిషినీ మాత్రమే రానిస్తారు. తండ్రులు పనయ్యాక సాయంత్రం కాసేపు. అమ్మకు మోకాళ్ళు పనిచేయవు, పైగా ఇంటి దగ్గర మేకలనూ కోళ్ళనూ చూసే దిక్కు లేదు. అవి వదినవి. పెళ్ళయి వచ్చినప్పుడు రెండు మేకలు ఉంటే, వాటిని మంద చేసింది. నాకు పరీక్షలు అయిపోయాయి కాబట్టి తోడు నేనే వెళ్ళాను. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదని తెలిసి కూడా అమ్మ నన్నే పంపింది. "నువ్వు మాట్లాడక్కర్లేదు, పక్కన ఉంటే చాలు" అంది.

వార్డు చూసే పెద్ద నర్సును అందరూ శ్‌ అక్క అనేవారు. ఎవరు గొంతు పెంచినా, కుర్చీ కిర్రుమన్నా, చివరికి డాక్టరు నవ్వినా ఆవిడ "శ్" అనేది. పెట్టె మూత మీద గిన్నె పెడితే లోపల పిల్లకు పిడుగు పడ్డట్టుంటుందని నాకు చెప్పింది ఆవిడే. పిల్ల ముఖంలో ఏం చూడాలో కూడా నేర్పింది. పిల్ల వేళ్ళు విప్పి చాచినా, కనుబొమలు ముడిచినా, ఎక్కిళ్ళు వచ్చినా, అటు తిరిగిపోయినా "ఇక చాలు" అంటున్నట్టు. చేతులు ముఖం దగ్గరకు తెచ్చుకుని, వేళ్ళు ముడుచుకుని, నుదురు వదులు చేస్తే "బాగుంది" అంటున్నట్టు. "దీనికి మాటలు రావుగానీ భాష వచ్చు" అంది శ్‌ అక్క.

నలుసుకు ఒక ఇబ్బంది ఉండేది. ఊపిరి తీస్తూ తీస్తూ మధ్యలో ఆగిపోయేది. మరిచిపోయినట్టే. తెర మీద అంకెలు దిగేవి, సన్నగా ఒక చప్పుడు వచ్చేది. శ్‌ అక్క వచ్చి అరికాలిని వేలితో తట్టేది. అప్పుడు అది ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి అందుకునేది. నెల తక్కువ పిల్లలకు ఇది మామూలేనని, పెరిగేకొద్దీ తగ్గుతుందని చెప్పేవారు. అయినా ఆ చప్పుడు విన్నప్పుడల్లా నేను లేచి నిలబడేదాన్ని. వదిన మాత్రం ఉలిక్కిపడేది కాదు. అదే నాకు ఇంకా భయంగా ఉండేది. ఇదంతా తనకు ముందే తెలిసినట్టు చూస్తూ ఉండేది.

ఒకరోజు డాక్టరమ్మ వచ్చి వదిన పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పాపను ఇక గుండెల మీద వేసుకోవచ్చమ్మా. ఒంటికి ఒళ్ళు తగలాలి. నీ వేడి, నీ గుండె చప్పుడు, నీ గొంతు. వాటితో ఊపిరి నిలకడగా ఉంటుంది చాలామందికి. నీకు పాలు కూడా పెరుగుతాయి."

వదిన తల దించుకుని, "నాకు భయం" అంది.

"ఏం కాదు, సిస్టర్ పక్కనే ఉంటుంది."

"నాకొద్దు. పెట్టెలోనే ఉండనివ్వండి."

డాక్టరమ్మ వదిన గిన్నెలోకి పిండిన పాలు చూసింది. అడుగు కూడా మునగలేదు. రోజు రోజుకూ తగ్గుతున్నాయి. నలుసు బరువు పెరగడం లేదు. అన్నయ్య సాయంత్రాలు చేతులు మోచేతుల దాకా కడుక్కుని, చొక్కా విప్పి పిల్లను గుండెల మీద వేసుకునేవాడు. కాని అన్నయ్య దగ్గర పాలు లేవు కదా. "నాన్న దగ్గర వేడి ఒక్కటే దొరుకుతుంది. అమ్మ కావాలి" అంది శ్‌ అక్క. ఆ మాట వదినకు వినబడింది. వినబడనట్టే ఉంది.

ఇది చూడలేక అన్నయ్య ఒక పని చేశాడు. మా ఇంట్లో పిల్లలందరినీ నిద్రపుచ్చిన ఒక పాత జోలపాట ఉంది. నన్ను పాడి పడుకోబెట్టింది కూడా అదే. అమ్మ చేత దాన్ని పాడించి, ఫోనులోకి ఎక్కించుకుని వచ్చాడు. శ్‌ అక్క లేని వేళ చూసి, పెట్టెకున్న గుండ్రటి కిటికీ తెరిచి ఫోను లోపల పెట్టాడు. మోటారు సైకిళ్ళ చప్పుడు మధ్య వినే ఫోను అది. దాని గొంతు ఎంత పెద్దదో అన్నయ్యకు తెలియదు.

నలుసు ఒక్కసారి చేతులు రెండూ విసిరింది. వేళ్ళన్నీ విచ్చుకుపోయాయి. పెదవుల చుట్టూ నీలంగా అయింది. చప్పుడు మోగింది. శ్‌ అక్క ఎక్కడినుంచి వచ్చిందో, ఫోను లాగేసి, అరికాలు తట్టి, వీపు నిమిరి దాన్ని దారికి తెచ్చింది.

అన్నయ్య కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. "మంచిదనుకున్నా సిస్టర్. జోలపాటే కదా."

"పాట మంచిదే బాబూ. నువ్వు దాని చెవిలో మైకు పెట్టావు. మనం ఇద్దరం మాట్లాడుకునే గొంతుకన్నా చిన్నగా ఉండాలి. అదీ పక్కన మనిషి ఉండి పాడాలి. పాప చాలు అంటే ఆపాలిగా, ఫోనుకు కళ్ళుంటాయా?"

అన్నయ్య వెళ్ళిపోయాక చూస్తే వదిన గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. భుజం మీద చేయి వేశాను. అప్పుడు చెప్పింది, చాలా చిన్న గొంతుతో.

"ఆ పాట వద్దే. వాడికి అదే పాడాను."

మా వదినకు నలుసుకన్నా ముందు ఒక బాబు పుట్టాడు. కొద్ది రోజులే ఉన్నాడు. నేను అప్పుడు చిన్నదాన్ని, ఏం జరిగిందో నాకెవరూ చెప్పలేదు.

"నా గుండెల మీదే ఉన్నాడు. పాడుతున్నా. నిద్రపోయాడనుకున్నా. పాట అయ్యేదాకా పాడుతూనే ఉన్నా." నుదురు గోడకు ఆనించింది. "నా గొంతు వింటేనే పోతారు నా పిల్లలు."

అలా కాదని డాక్టరమ్మ చెప్పగలదు, అమ్మ చెప్పగలదు. కానీ వదినకు కావలసింది కాదని చెప్పేవాళ్ళు కాదనిపించింది. ఆ పాట అక్కడే ఆగిపోయింది ఆమెకు. దాన్ని మళ్ళీ అందుకోవడం ఆమె వల్ల కాదు. అయితే ఏ చావూ అంటని పాట ఒకటి ఉండాలి. ఎవరూ ఎవరికీ పాడనిది.

ఆ వారం ఒక రాత్రికి నేను ఇంటికి వచ్చాను, అమ్మను ఆసుపత్రిలో వదిలి. పొద్దున్నే మేకలకు ఆకు వేస్తూ పాట మొదలుపెట్టాను. మా ఇంటి చుట్టూ ఉన్నవన్నీ పెట్టాను.

కొక్కొరొకోయని కోడి కూసింది
పక్కింటి పిల్లి గోడ దూకింది
భౌభౌ కుక్కా తరిమింది
చంద్రుడు చూసి నవ్వాడు

అమ్మ మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని అరుగు మీద కూలబడింది. పాడి వినిపించాను. అమ్మ ముందు అయితే నాకు సిగ్గు లేదు.

అమ్మ నవ్వాపుకోలేకపోయింది. "ఇది జోలపాటా, సంతలో కేకలా? కోడి కూస్తే పిల్ల పడుకుంటుందా, లేస్తుందా?"

"జంతువులు ఉండాలి కదమ్మా."

"ఉండాలి. నిద్రపోతూ ఉండాలి. ఒక్కొక్కటే కళ్ళు మూయాలి. అవి మూస్తుంటే పిల్ల కూడా మూస్తుంది. నువ్వేమో ఉన్నవాటినన్నిటినీ లేపి తరుముతున్నావు."

తరవాత లేచి పాత చీర తెచ్చి దూలానికి ఊయల కట్టింది. అందులో ఒక బొంత చుట్టి పడుకోబెట్టింది. "ఊపు. ఊపుతూ పాడు."

ఊపితే నా తప్పు నాకే తెలిసింది. నా పాటలో పాదాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఊయల వెళ్ళేటప్పుడు మాట సగంలో ఉంటే వచ్చేటప్పుడు అయిపోయేది. ఊయల పాట కోసం ఆగదు. వెళ్ళడానికీ రావడానికీ ఎప్పుడూ ఒకే సమయం తీసుకుంటుంది. కాబట్టి పాటే దాని కొలతకు రావాలి. వెళ్ళేటప్పుడు ఒక మాట, వచ్చేటప్పుడు ఒక మాట, మళ్ళీ వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. పాదానికి నాలుగు ముక్కలు. పల్లవిలో మూడే ముక్కలు, నాలుగోది ఖాళీ. అక్కడ పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవాలి. అమ్మ ఇదేదీ మాటల్లో చెప్పలేదు. బొంతను ఊపుతూ నేను తప్పు పాడినప్పుడల్లా "ఉహూఁ" అనేది.

"ఇంకోటి. నీ మాటలు రాళ్ళలా ఉన్నాయి. దూకింది, తరిమింది, కొక్కొ. పళ్ళు కొట్టుకునే మాటలు. నోట్లో వెన్న పెట్టుకున్నట్టు పలకాలి."

మెత్తటి అక్షరాలు వెతికాను. ల, మ, న, వ. పాదం చివర దీర్ఘం ఉంటే గొంతు అక్కడ వాలుతుంది. బడిలో మాష్టారు పద్యాలు చెప్పేటప్పుడు రెండో అక్షరం కలవాలని నేర్పారు. చివరి మాట కూడా కలిపితే పాటకు రెండు చోట్ల కొక్కేలు పడతాయి. మొదటి పాదం వింటే చాలు, రెండోది ఎక్కడికి వచ్చి ఆగుతుందో చెవికి ముందే తెలిసిపోతుంది. చిన్నపిల్లకు కావలసింది అదే కదా. ఏం వస్తుందో తెలిసి, అదే రావడం.

సాయంత్రానికి చందమామ చరణం కుదిరింది.

నల్లని నింగిని జాబిలి నావా
మెల్లగ మెల్లగ మా దరి రావా
లాలీ నలుసా లాలీ

అమ్మ "ఉహూఁ" అనలేదు. బొంతను ఊపుతూనే ఉంది.

మిగతావి ఆసుపత్రికి వెళ్ళే బస్సులో కట్టుకున్నాను. ఆవు, మేకలు, కుక్క, చివర కోడి.

వార్డులో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట తెరలు దించేస్తారు. ఎవరూ తిరగరు. పిల్లలు పెరిగేది ఆ గంటలోనేనంటుంది శ్‌ అక్క. ఆవిడ చెవిలో నా పాట సంగతి చెప్పాను. చెప్పడానికి ఎంత సేపు పట్టిందో అంతసేపూ ఆవిడ ఓపికగా నిలబడింది.

"పాడు. కానీ నేను చెప్పినట్టు. చేతులు వెచ్చగా చేసుకో. ఒక చేయి తల మీద, ఒక చేయి కాళ్ళ కింద. రుద్దకు, తట్టకు, ఊరికే పెట్టి ఉంచు. రెండు చరణాలు పాడి ఆపు. దాని ముఖం చూడు. బాగుంటే మళ్ళీ."

"అందరూ వింటారు."

"నీకే వినబడేంత పాడితే చాలు. ఎవరికి వినబడుతుంది?"

పెట్టె పక్క గుండ్రటి కిటికీలోంచి చేతులు లోపల పెట్టాను. నలుసు తల నా గుప్పెట్లో ఇమిడింది. నా వెనక వదిన గోడవైపు తిరిగి, గిన్నెలోకి పాలు పిండుకుంటోంది. నేను ఏం చేస్తున్నానో చెప్పలేదు. పెదవులు కదిలీ కదలనట్టు మొదలుపెట్టాను. ఊయల లేదు కాబట్టి నా ఊపిరినే ఊయల చేసుకున్నాను. ఒక ఊపిరికి ఒక పాదం.

జాబిలి చరణం అయింది. ఆవు చరణం పాడాను.

ఆవుల ఒడిలో లేగకు నిదురా
మావుల నీడన గాలికి నిదురా
లాలీ నలుసా లాలీ

ఆగి చూశాను. ముడుచుకున్న పిడికిలి ఒకటి బుగ్గ దగ్గరకు వచ్చింది. నుదురు నునుపుగా ఉంది. వెనక పాలు పిండే చప్పుడు ఆగింది. వదిన వింటోందని తెలిసింది. ఆపేస్తే ఇక మొదలుపెట్టలేనని మేకలనూ కుక్కనూ నిద్రపుచ్చి, కోడి దగ్గరకు వచ్చాను.

రెక్కల కిందా పిల్లల గూడూ
అక్కున నలుసుకు అమ్మే

అప్పుడే తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ, ఆవిడ వెనక చదువుకునే కుర్రడాక్టర్లు ఒక గుంపు. అందరూ నావైపే చూశారు. నోరు టక్కున మూసేసుకున్నాను. చెవులు కాలిపోయాయి. శ్‌ అక్క వేలు పెదవుల మీద పెట్టి వాళ్ళను గుమ్మంలోనే ఆపేసింది.

పాట మాత్రం గాలిలో ఉండిపోయింది. అమ్మే, అని ఆగిపోయింది. నాలుగో ముక్క రాలేదు. ఊయల వెళ్ళింది, తిరిగి రాలేదు. నాకు అది తెలుస్తూనే ఉంది. అయినా నోరు తెరుచుకోలేదు.

"తోడూ."

నా వెనకనుంచి వచ్చింది. మాట్లాడినట్టు కాదు, నేను వదిలిన చోటే అందుకుని, అదే రాగంలో దీర్ఘం తీసి వాల్చినట్టు. వదినకు ఆ పాట ఎవరూ చెప్పలేదు. గూడు విన్న చెవి తోడు కోసం కాచుకుని ఉంటే, అది రాకపోతే నోరే వెళ్ళి తెచ్చుకుంది.

నా చేతుల్లో నలుసు కదిలింది. తల, నా గుప్పెట్లో ఉన్న ఆ కాస్త తల, గొంతు వచ్చిన వైపుకు తిరిగింది. ఒక కన్ను సగం తెరిచింది.

వదిన రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఆమె ఏం చూస్తోందో నాకు తెలుసు. అంకెలు దిగడం కోసం చూస్తోంది. నేనూ చూశాను. శ్‌ అక్క చూసింది. గుమ్మంలో ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు గానీ వాళ్ళూ తెరవైపే చూశారు.

అంకెలు దిగలేదు. ఉన్న చోటే ఉన్నాయి. నలుసు కన్ను మూసుకుంది, నోరు రెండుసార్లు చప్పరించింది, పడుకుంది.

శ్‌ అక్క ఆ గుంపును మెల్లగా బయటకు తోసింది. "కడుపులో ఉన్నన్ని రోజులూ విన్నది నీ గొంతే కదమ్మా, ఇంకెవరి గొంతు గుర్తుపడుతుంది?" అంది వదినతో. ఆ వెంటనే తన పని చూసుకోవడానికి వెళ్ళింది.

వదిన ఏడుస్తుందేమో అనుకున్నాను. చివరికి ముఖం తుడుచుకుని, కోపంగా ఉన్నట్టు అంది.

"కోడిని చివర పెట్టావేంటే?"

"ఊఁ?"

"మన కోళ్ళు చీకటి పడకముందే గూట్లోకి దూరతాయి. అవి పడుకున్నాకే మేకలు. ఆవు పడుకున్నా నెమరేస్తూనే ఉంటుంది, దానికి ఆలస్యం అవుతుంది. అందరూ పడుకున్నాక కుక్క. నువ్వేమో కుక్కను పడుకోబెట్టి తరవాత కోడిని తెచ్చావు. ఆ కోడి అప్పటిదాకా ఎక్కడ తిరుగుతోంది?"

"పాటలో కుదరలేదు వదినా."

"కుదరకపోతే మార్చు. ఎప్పుడు ఎవరు పడుకోవాలో దానికి తెలియాలి కదా." దానికి అంటూ పెట్టెవైపు చూసింది.

ఆ సాయంత్రమంతా మేమిద్దరం తలలు దగ్గర పెట్టుకుని చరణాలు ముందుకూ వెనక్కూ జరిపాము. చప్పుడు అయినప్పుడల్లా శ్‌ అక్క దూరంనుంచి "శ్" అనేది. వదిన మేకల చరణం మార్చింది. నేను మేకలు మెత్తని నేల మీద పడుకున్నాయని రాస్తే, త్త గొంతులో తగులుతోందని దాన్ని "చల్లని" చేసింది. మెత్తగా ఉంటే తడి ఉన్నట్టని, మేకలు తడి నేల మీద పడుకోవు, ఎండిన చోటే చూసుకుంటాయని కూడా అంది. చల్లని నేల మాత్రం తడిది కాదా అని నేను వాదిస్తే, "నువ్వు మేకవా?" అంది. ఎన్నాళ్ళ తరవాతో వదిన నన్ను ఎగతాళి చేయడం.

చివరి చరణం ఆమెదే. అందరూ పడుకున్నాక ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి అంది. లేకపోతే పిల్లకు భయం వేస్తుందట. ఆ పనికి జాబిలిని నిలబెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం తెరలు దించాక వదిన తనే శ్‌ అక్కను పిలిచింది. పిలిచి మళ్ళీ "రేపు చూద్దాంలెండి" అంది. శ్‌ అక్క సరేనని వెనక్కు తిరిగింది. అప్పుడు "కాదు, ఇవాళే" అంది.

వాలు కుర్చీలో కూర్చోబెట్టి, జాకెట్టు ముందు గుండీలు విప్పించి, నలుసును తీగలతో సహా ఎత్తి, కప్పను పెట్టినట్టు కాళ్ళూ చేతులూ మడిచి గుండెల మధ్య బోర్లా పడుకోబెట్టారు. తల పక్కకు, ముక్కుకు ఏదీ అడ్డం రాకుండా. పైన ఒక మెత్తటి గుడ్డ చుట్టారు. వదిన ఊపిరి బిగబట్టింది. "ఊపిరి తీసుకోమ్మా. నువ్వు తీసుకుంటేనే దానికి గుర్తొస్తుంది" అంది శ్‌ అక్క.

వదిన పెదవులు తడుపుకుంది. మొదటి పాదం రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు ఆపింది. మూడోసారికి పాట సాగింది. జాబిలి నావ మా దరికి వచ్చింది. తరవాత కోళ్ళు, చీకటి పడకముందే. తరవాత మేకలు.

మేకలు వాలెను చల్లని నేలా
ఆకులు ఊపెను అల్లన జోలా
లాలీ నలుసా లాలీ

పల్లవిలో మూడు ముక్కలయ్యాక ఖాళీ వస్తుంది. ఊపిరి తీసుకునే చోటు. అక్కడ ఆగిన వదిన చేయి ఒక్కసారి బిగుసుకుంది. ఆమె ఆగినప్పుడే నలుసు కూడా ఆగింది. తీసిన ఊపిరి తరవాత ఇంకొకటి రాలేదు. తెర ఇంకా ఏమీ చెప్పలేదు, కానీ వదినకు అరచేతి కింద తెలిసింది.

శ్‌ అక్క కదిలింది. కానీ వదిన ముందే వేళ్ళతో ఆ చిన్న వీపును కిందనుంచి పైకి గట్టిగా నిమిరింది. గొంతు తెగిపోతున్నా తరవాతి చరణం అందుకుంది. ఆవుల ఒడిలో, అని. లేగకు, అనేటప్పటికి వీపు పైకి లేచింది. మళ్ళీ దిగింది. మళ్ళీ లేచింది.

వదిన ఏడుస్తూనే పాడింది. పాటలో ఏడుపు రానివ్వకుండా, ముక్కులోంచి కాక గొంతు అడుగునుంచి. నాకు తెలిసి అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. కుక్క దగ్గరకు వచ్చేసరికి గొంతు సర్దుకుంది.

వాకిలి కాసే కుక్కకు కునుకూ
రేకుల మాటున పూవుకు కునుకూ
లాలీ నలుసా లాలీ

ఊరూ ఏరూ ఊయల ఊగే
తారల నడుమా జాబిలి ఆగే
లాలీ నలుసా లాలీ

ప్రతి చరణానికీ గొంతు ఒక మెట్టు తగ్గింది. పాడడం మాటలాంటిదయింది, మాట కూనిరాగమయింది, కూనిరాగం ఊపిరయింది. చివర నాకు పెదవులు కదలడమే కనిపించింది. నలుసు పిడికిలి విప్పి వదిన గొలుసు పక్కన చర్మం మీద వేళ్ళు పరిచింది. నేను శ్‌ అక్కవైపు చూశాను, విప్పిన వేళ్ళు చాలు అన్నట్టా అని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చాచినవి కావవి, వదిలేసినవి.

ఆ తరవాత కూడా ఊపిరి ఆగిన రోజులు ఉన్నాయి. బరువు ఒకసారి పెరిగి ఒకసారి తగ్గింది. అంతా బాగుంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. వదినా అడగలేదు. కానీ ఆ మధ్యాహ్నం గంట అయిపోయి, తెరలు పైకి లాగి, శ్‌ అక్క వచ్చి "ఇక పెట్టెలో పెడదామా?" అని చేతులు చాచినప్పుడు వదిన గుడ్డను ఇంకాస్త పైకి జరిపి పిల్ల చెవి కప్పింది.

"శ్" అంది వదిన. "నలుసు పడుకుంది. ఇంకాసేపు ఉండనివ్వండి."